పేరు పెట్టేముందు ఫోను పక్కన పెట్టండి

ఏటిమొగ రేవులో పంటు ఎదురుమొండి వైపు కదిలింది. ఇంజను మోతకి పక్కవాడి మాట పక్కవాడికి వినపడడం లేదు. మా మేనల్లుడు, ఎదురుగా బైకు పట్టుకుని నిలబడ్డ కుర్రాడికి తన ఇన్‌స్టా ఐడీ చెబుతున్నాడు. "గాలం... అండర్‌స్కోరు... ఇంకో అండర్‌స్కోరు... వేటగాడు... మళ్లీ అండర్‌స్కోరు... సున్నా ఏడు." ఆ కుర్రాడు రెండుసార్లు "ఆఁ?" అన్నాడు. మూడోసారి మావాడికి ఓపిక పోయింది. "ఫోను ఇటివ్వన్నా, నేను కొడతా" అని చెయ్యి చాపాడు.

తెర మీద ఆ ఐడీ ఇలా ఉంటుంది: galam__vetagadu_07

మావాడిది నాగాయలంక. సెలవొస్తే చాలు గాలం పట్టుకుని కాలవగట్టు మీద కూర్చుంటాడు. పడిన చేపని వీడియో తీసి పెడతాడు. వీడియోలు బాగుంటాయి. పేరు మాత్రం ఎవరి నోటా నిలవదు. ఆ రోజు పంటు దిగాక వాడికి ఒకటే చెప్పాను: "ఫోను ఇటివ్వు అన్నావంటే ఆ పేరు ఓడిపోయినట్టేరా."

గుడివాడలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినవాణ్ని. రిటైరయ్యాక పిల్లలు పద్యాల కోసం రావడం తగ్గింది, పేర్ల కోసం రావడం పెరిగింది. ఒకరికి ముగ్గుల పేజీ, ఒకరికి పిట్టల ఫొటోలు, ఒకరికి కలంకారీ. నేను చెప్పే సలహాలు లోకం చెప్పేవాటికి తలకిందులుగా ఉన్నాయని మా ఇంట్లోనే అంటారు. నిజమే, తలకిందులుగానే ఉంటాయి. వాటిని మార్చుకునే ఉద్దేశం నాకు లేదు. ఎందుకో ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది, పేరు ఖాళీగా ఉందో లేదో ముందుగా చూడకండి. అందరూ ముందు అదే చూడమంటారు. మావాడూ అదే చేశాడు. గాలం అని కొట్టాడు, ఎవరో తీసుకున్నారంది. వేటగాడు చేర్చాడు, అదీ పోయిందంది. మధ్యలో ఒక గీత పెట్టాడు, తర్వాత రెండో గీత, చివరికి సున్నా ఏడు. ఆ పేరు వాడు పెట్టుకున్నది కాదు. ఇతరులు వదిలేసిన సందుల్లోంచి అది దానంతటదే తయారైంది. కాగితం మీద నోటితో పలికి పలికి ఒక పేరు ఖాయం చేసుకున్నాకే ఫోను తెరవాలి. అప్పుడు అది ఖాళీగా లేకపోతే పేరుకి తోక తగిలించకండి. దాన్ని వదిలేసి రెండో పేరుకి వెళ్లండి. అందుకే కాగితం మీద కనీసం మూడు పేర్లు నిలవాలి.

గీతలు, చుక్కలు, అంకెలు వద్దనడానికి నాకున్న కారణం ఒక్కటే. వాటిని పలకాలంటే ఇంకో మాట కావాలి. 'అండర్‌స్కోరు' అనే మాట మావాడి గాలం కంటే పొడుగు. ఏడు అంటే అంకె వేయాలా, అక్షరాల్లో రాయాలా? సెవెన్ అని చెబితే మళ్లీ అదే సందేహం. పేరులో ఏ ముక్కని విడమరిచి చెప్పాల్సి వస్తుందో ఆ ముక్క పేరులో భాగం కాదు. పెద్దక్షరంతో మాటలు విడదీద్దామంటే ఇన్‌స్టాగ్రామ్ ఐడీని అంతా చిన్నక్షరాల్లోనే చూపిస్తుంది. కాబట్టి రెండు మాటలు ఎక్కడ విడిపోతాయో చెవికే తెలియాలి. ప్రాస అవసరం అక్కడే మొదలవుతుంది.

రెండో సలహా, మీ అభిరుచి పేరు ఐడీలో పెట్టకండి. ఫిషింగ్, పెయింటింగ్, బర్డ్స్ లాంటి మాటలు లోకమంతా వాడేసింది. వాటికి మన నోట్లో పట్టు కూడా లేదు. అభిరుచి పేరు వదిలేసి అందులో చేతికి తగిలేవీ చెవికి వినపడేవీ రాసుకోండి. మావాణ్ని వీధి అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను. "గాలం వేసేటప్పుడు నీ చేతుల్లో ఏముంటాయిరా?" వాడు చెబుతూ పోయాడు, నేను రాసుకుంటూ పోయాను. గాలం, కర్ర, దారం, ఎర, బెండు, గట్టు, కాలువ, కొర్రమీను, జెల్ల, బుట్ట.

"అంతేనా?"

"అంతే మావయ్యా."

"చేప పడిందని నీకెలా తెలుస్తుంది?"

"బెండు మునుగుద్ది."

"ఎలా మునుగుద్ది?"

"బుడుంగుమని."

ఆ మాట కూడా కాగితం మీద వేశాను. వాడికి అది మాటలా అనిపించలేదు. చివరికి ఆ కాగితం మీద పనికొచ్చింది అదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మూడో సలహాకి చాలామంది ఒప్పుకోరు. చివర కలిసే ప్రాస కోసం వెతకకండి. ఇంగ్లిషు పేర్ల కిటుకులు చెప్పేవాళ్లంతా మాటల చివరలు కలపమంటారు. వాళ్ల భాషకి అది సరే. అక్కడ మాటలు రకరకాల హల్లులతో ముగుస్తాయి కాబట్టి రెండు చివరలు కలిస్తే చెవికి విశేషంగా వినిపిస్తుంది. మన మాటలు అలా ముగియవు. ఎక్కువ భాగం అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి. గాలం, దారం, కలం, తాళం, మేళం. గట్టు, బెండు, వేటు, రేవు. ఒక్కో వరసలో ఏ రెండు పక్కపక్కన పెట్టినా చివర ఎంతో కొంత కలుస్తుంది. శ్రమ లేకుండా దొరికిన కలయికని చెవి లెక్కచేయదు.

మన పద్యం ప్రాసని పాదం చివర కాకుండా రెండో అక్షరంలో పెట్టింది. అది ఎంత తెలివైన పనో ఐడీలు కూర్చేటప్పుడు నాకు మళ్లీ తెలిసొచ్చింది. రెండో అక్షరంలో హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. మొదటి అక్షరం ఒకచోట గురువైతే అన్నిచోట్లా గురువే, లఘువైతే లఘువే ఉండాలి. ఇక యతి దగ్గర మొదటి అక్షరాలకి మైత్రి ఉండాలి, అచ్చు కూడా సరిపోవాలి. సీసం, తేటగీతి, ఆటవెలదిలో ఆ యతి బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి కూడా చెల్లుతుంది. రెండు మాటల ఐడీకి కొలిచి కుట్టినట్టు సరిపోయేది ఈ ప్రాసయతే. రెండో మాట మొదలవగానే మొదటి మాట తల గుర్తొస్తుంది. వినేవాడికి అతుకు ఎక్కడుందో తెలిసిపోతుంది.

చివరి ప్రాసకి మన సీమలోనే గొప్ప ఉదాహరణ ఉంది కదా అని మీరు అడగొచ్చు. దివిసీమ పెదప్రోలు కవి కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం చెప్పాడు. దాని మకుటంలో నాలుగు ముక్కలున్నాయి, నాలుగూ దీర్ఘం తర్వాత 'వ'తోనే ముగుస్తాయి. ప్రతి పద్యం చివరా ఆ నాలుగు దెబ్బలూ పడతాయి కాబట్టి శతకం మరిచినవాడికి కూడా మకుటం నోట్లో ఉంటుంది. కానీ అక్కడ ఉన్నవి నాలుగు ముక్కలు, అదీ సీసపద్యం నడకలో. రెండు చిన్న మాటల్లో చివరి ప్రాస పెడితే ఒక్క దెబ్బే పడుతుంది. ఒక్క దెబ్బని ఎవరూ తాళం అనరు.

ఈ లెక్కన మావాడి కాగితం మీద రెండు మాటలు మెరిశాయి. కాలువ, గాలం. కా, గా రెండూ కవర్గమే, అచ్చు కూడా ఒకటే కాబట్టి యతి కుదిరింది. లు, లం రెండో అక్షరాలు కాబట్టి ప్రాస కుదిరింది. రెండు మాటలకీ మొదట గురువే ఉంది. కాలువగాలం. ఐదక్షరాల్లో యతీ ప్రాసా రెండూ పడడం మామూలు సంగతి కాదు. నాకు నోరూరిపోయింది. వాణ్ని ఖాతా తెరవమనలేదు గానీ ఇక ఇదేననుకున్నాను.

తర్వాత పరీక్ష పెట్టాను. ఈ పరీక్ష ప్రతి పేరుకీ పెట్టాలి. పేరు ఎన్నడూ చూడని ఐదుగురిని పట్టుకోండి. ఒక్కొక్కరికి విడిగా, ఒక్కసారే, మామూలు గొంతుతో చెప్పండి. ఇంగ్లిషు అక్షరాల్లో రాసి చూపించమనండి. మా వీధిలో ఐదుగురు రాస్తే నాలుగు రకాలు వచ్చాయి. ఒకరు kaluvagalam, ఒకరు kaaluvagaalam, ఇద్దరు kalavagalam, ఒకరు kaluvagaalam. తర్వాత మొదటి కాగితాన్ని, విననే వినని మా ఎదురింటి అమ్మాయికి చూపించి చదవమన్నాను. "కలువగళం. ఎవరైనా పాటలు పాడే అమ్మాయా మాస్టారూ?" అంది.

చేపల పేజీ ఒక్క చదువుతో గాయని పేజీ అయిపోయింది. కాలువ, కలువ ఇంగ్లిషు అక్షరాల్లో ఒకటే. గాలం, గళం కూడా ఒకటే. ఛందస్సులో వంద మార్కులు తెచ్చుకున్న పేరు కీబోర్డు దగ్గర తప్పింది.

ఇక్కడ రెండు దారులున్నాయని గమనించాలి. విన్నవాడు రాయాలి, చూసినవాడు పలకాలి. పేరు రెండు దారుల్లోనూ పాడవకుండా రావాలి. విన్నదాన్ని రాసేటప్పుడు మన శబ్దాల్లో కొన్ని ఇంగ్లిషులో రెండు రకాలుగా పడతాయి. ఆ ఉంటే a ఒకటా రెండా? ఈ ఉంటే i పెట్టాలా, ee పెట్టాలా? ఊ అయితే u నా, oo నా? త అయితే t రాసేవాళ్లూ ఉన్నారు, th రాసేవాళ్లూ ఉన్నారు. ద అయితే d, dh. వ అయితే v, w. ద్విత్వం ఉంటే ఒక హల్లు మింగేసేవాళ్లు చాలామంది. ఇలాంటి సందేహం ఉన్న ప్రతి చోటా రాత రెండుగా చీలుతుంది. ఒక సందేహానికి రెండు రాతలు, రెండింటికి నాలుగు, మూడింటికి ఎనిమిది. కాలువగాలంలో రెండు దీర్ఘాలు, ఒక 'వ' ఉన్నాయి. దానికి తోడు మనవైపు కాలువ అని రాసినా కాలవ అనే పలుకుతాం. మొత్తం నాలుగు సందేహాలు, పదహారు రాతలు. ఒక్క అక్షరం తేడా వచ్చినా ట్యాగు ఇంకొకరి ఖాతాకి పోతుంది.

మరి నిక్కచ్చిగా పడే శబ్దాలేవి? అ, ఇ, ఉ హ్రస్వాలు. బ, మ, న, గ, ర. సున్నా కూడా బాగానే పడుతుంది. పేరంతా వీటితోనే కట్టనక్కరలేదు. సందేహం ఒక్కటి మించకుండా చూసుకుంటే చాలు. రాతలు రెండే అయినప్పుడు రెండో రాతతో కూడా మీరే ఖాతా తెరిచి, అసలు ఖాతా ఏదో అందులో ఒక్క ముక్క రాసి వదిలేయొచ్చు. పదహారు ఖాతాలు ఎవరూ తెరవలేరు.

మావాడు ఊరుకోలేదు. "గట్టుపట్టు పెడదాం మావయ్యా" అన్నాడు. ప్రాసయతి చక్కగా పడింది. కానీ రెండుచోట్లా ద్విత్వమే. పైగా gattupattu చూసినవాళ్లు పట్టుచీరల కొట్టు అనుకున్నారు. అదీ వదిలేశాం.

మధ్యలో పెడన అమ్మాయి సంగతి చెప్పాలి. బందరు పక్కనున్న పెడన అంటే అచ్చు కలంకారీ. చెక్క మీద పువ్వులూ తీగలూ చెక్కిన అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు. ఆ అమ్మాయి చదువుకుంటూనే తీరిక వేళల్లో చేతిరుమాళ్ల మీద అచ్చులేసి ఫొటోలు పెడుతుంది. తను ఎంచుకున్న రెండు మాటలు అచ్చు, అద్దకం. రెండూ అ తోనే మొదలు, రెండింటికీ మొదట గురువే, రెండింటిలోనూ ద్విత్వం ఉంది. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు. "ఒకసారి గబగబా అను తల్లీ" అన్నాను. "అచ్చద్దకం" అంది. మళ్లీ అంది, మళ్లీ అచ్చద్దకమే వచ్చింది.

ఉత్తుకి అచ్చు పరమైతే సంధి నిత్యమని బళ్లో చెప్పుకున్న పాఠం అది. వ్యాకరణం మరిచిపోయినా నోరు మరిచిపోదు. తెర మీద achuaddakam, నోట్లో అచ్చద్దకం. విన్నవాడు u ని ఎక్కణ్నుంచి తెస్తాడు? ఇక్కడే నాలుగో సలహా. రెండో మాట అచ్చుతో మొదలవకూడదు. మొదటి అక్షరాలు ఎంత అందంగా కలిసినా సరే వదిలేయాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అదే మనకున్న వరం. రెండో మాట హల్లుతో మొదలైతే అతుకు దానంతటదే నున్నగా పడుతుంది. అచ్చుతో మొదలైతే రెండు అచ్చులు ఢీకొని ఒకటి మాయమవుతుంది. ఇంకో చిన్న జాగ్రత్త కూడా ఉంది. రెండో మాట మొదట క, చ, ట, త, ప ఉంటే నోరు కొన్నిసార్లు దాన్ని సరళం చేస్తుంది. కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు. అలా మారుతుందేమో పలికి చూసుకోండి, మారితే మారిన రూపమే రాయండి.

ఆ అమ్మాయితో అచ్చులూ అద్దకాలూ పక్కన పెట్టించి, అద్దిన గుడ్డ తర్వాత ఎక్కడికి పోతుందని అడిగాను. "కాలవలో ఉతుకుతారు మాస్టారూ, రేవులో" అంది. అద్దకం పనిలో పారే నీళ్లు కావాలి, అదనపు రంగు నీళ్లలో కొట్టుకుపోవాలి. రంగు, రేవు. రంగురేవు. నాలుగక్షరాలు, గురువు లఘువు గురువు లఘువు. రెండు మాటలకీ ముందు ర, రెండూ ఉ తో ముగింపు, రెండో మాట హల్లుతో మొదలు. rangurevu తొమ్మిది అక్షరాలే. ఐదుగురిలో నలుగురు ఒకేలా రాశారు, ఒకాయన v బదులు w వేశాడు. యతి దృష్టితో చూస్తే రం, రే లకి అచ్చు కలవలేదు కాబట్టి పద్యంలో చెల్లదు. ఐడీలో చెల్లుతుంది. నేను చెప్పేది ప్రాస నేర్పే క్రమశిక్షణే గానీ పేరుని గణాల్లో ఇరికించమని కాదు.

ఐదో సలహా బందరు పిల్లలకి కోపం తెప్పిస్తుంది. అనుప్రాస కోసం ఊరి పేరు పెట్టకండి. బందరు కదా అని బందర్ బైకర్, బందర్ బేకర్, బందర్ బర్డ్స్ అంటూ వస్తారు. బ కి బ పడుతుంది, నిజమే. కానీ bandar అని రాసిన క్షణాన హిందీ చదివినవాడికి అది కోతి. మనకి రేవు అని అర్థమున్న మాట వాళ్లకి కోతి అవుతుంది. పైగా మన నోట్లో అది బందర్ కాదు, బందరు. చివరి ఉ తీసేశాక అది మన ఊరి పేరులా కూడా వినపడదు. లడ్డూ అమ్మేవాళ్లు ఊరి పేరు పెట్టుకోవడంలో అర్థముంది, ఎందుకంటే సరుకు ఆ ఊరిది. గాలం వేయడం, ముగ్గు పెట్టడం మనిషివి. మనిషి ఊరు మారతాడు.

అయినా ఊరి పేరు పెట్టుకుని నిలబడ్డ ఒకాయన మన పక్కనే ఉన్నాడు. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య. కూచిపూడికి దగ్గరి మొవ్వ గ్రామం. అక్కడి వేణుగోపాలస్వామి పేరునే తన పదాల్లో మువ్వగోపాల అని ముద్రగా వేసుకున్నాడు. ఎవరు పాడినా, ఎక్కడ పాడినా ఆ ముద్ర వినపడగానే పదం ఎవరిదో తెలుస్తుంది. ఇప్పటి పిల్లలు ఐడీ అని దేన్నంటున్నారో అప్పుడు ముద్ర చేసిన పని అదే. మువ్వ అంటే ఊరే కాదు, కాలి మువ్వ కూడా. ఊరిని అలా శబ్దంగా మార్చగలిగితే పెట్టుకోండి. ఆ ముద్రలో అక్షరాలు లెక్కపెట్టండి. ము, వ్వ, గో, పా, ల. ఐదు. మొదటి మాటలో ద్విత్వం దెబ్బ, రెండో మాటలో రెండు దీర్ఘాల సాగు, చివర హ్రస్వం మీద ఆగడం. ఇందులో ప్రాస లేదు, యతి లేదు. పెదవులు కలిసే శబ్దాలు ఎక్కువ, మధ్యలో ఒక్క గో మాత్రం గొంతులోంచి వస్తుంది. పలకడానికి నోరు ఎక్కడా తడబడదు.

పొడుగు గురించి నా లెక్క అందుకే ఐదు అక్షరాలు. తెలుగు అక్షరాలు ఐదైతే ఇంగ్లిషులో పది నుంచి పద్నాలుగు వరకు అవుతాయి. ఇన్‌స్టాగ్రామ్ ముప్పై వరకు ఒప్పుకుంటుంది, యూట్యూబ్ కూడా ముప్పై, టెలిగ్రామ్ ముప్పై రెండు. కానీ ఎక్స్ పదిహేను దగ్గర ఆపేస్తుంది. అన్నిచోట్లా ఒకే పేరు ఉండాలంటే పదిహేనే హద్దు. మావాడి పాత పేరు పద్దెనిమిది. ఎక్స్ దాన్ని తీసుకోదు కాబట్టి అక్కడ ఇంకో పేరు పెట్టుకున్నాడు. ఇంకో పేరు అంటే ఇంకో మనిషి.

ఇక మావాడి కాగితం. అన్నీ కొట్టేశాక మిగిలినవి బెండు, బుడుంగు. గాలం దారానికి కట్టిన బెండు నీళ్ల మీద నిలబడి ఉంటుంది. చేప ఎరని కొరికినప్పుడు ముందు చిన్నగా వణుకుతుంది, తర్వాత ఒక్కసారిగా మునిగిపోతుంది. గాలం వేసేవాడు గంటల తరబడి చూసేది ఆ ఒక్క క్షణం కోసమే. బెండుబుడుంగు. చేప అనే మాట లేదు, వేట అనే మాట లేదు. కానీ ఒక్కసారి గాలం పట్టినవాడికి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

శబ్దం చూడండి. బె, బు మొదట్లో కలిశాయి. డు, డుం రెండో స్థానంలో కలిశాయి. శాస్త్రం ప్రకారం ఇది ప్రాస కాదు. బెండులో డ ముందు సున్నా ఉంది, బుడుంగులో లేదు. ఒకచోట మొదట గురువు, ఇంకోచోట లఘువు. క్లాసులో అయితే నేనే కొట్టేసేవాణ్ని. కానీ మధ్యలో డుబుడుం అని డప్పు పడుతుంది, చివర గు దగ్గర నీళ్లలో మునిగినట్టు ఆగుతుంది. రెండో మాట హల్లుతో మొదలు, సంధి భయం లేదు. దీర్ఘం ఒక్కటీ లేదు, ద్విత్వం లేదు, త, వ లేవు. రాత ఇది: bendubudungu

పన్నెండు అక్షరాలు. గబగబా మూడుసార్లు అనమన్నాను, తడబడలేదు. మూడుసార్లలో ఒక్కసారి నాలుక మడతపడినా ఆ పేరు వద్దు. ఐదుగురికి విడివిడిగా చెప్పాం. నలుగురు ఇలాగే రాశారు. ఒకరు చివరి u వదిలేసి bendubudung అన్నారు. మిగిలిన సందేహం అదొక్కటే. ఎదురింటి అమ్మాయికి రాసినది చూపిస్తే తడుముకోకుండా చదివింది, చదివి బెండు మునిగినట్టు చేత్తో చూపించింది.

అప్పుడు వాణ్ని ఫోను తియ్యమన్నాను. ఖాళీగా ఉంది. చివరి u లేని రాతతో ఇంకో ఖాతా కూడా తెరిపించాను. పాత ఐడీ మార్చుకుంటే పాత పేరు మాత్రమే తెలిసినవాళ్లు తికమకపడతారని ముందే చెప్పాను. వాడు తనని అనుసరించే వాళ్లకి వారం ముందే కొత్త పేరు పలికి వినిపిస్తూ రెండు వీడియోలు పెట్టాడు. రాసి చూపించడం కంటే పలికి వినిపించడం ముఖ్యం. చూసినవాళ్లు వాడి గొంతుతోనే పేరు నేర్చుకుంటారు.

కిందటి నెల మళ్లీ ఏటిమొగ నుంచి పంటు ఎక్కాం. అదే ఇంజను, అదే మోత. బుట్టలో కొర్రమీను చూసి ఒక పెద్దాయన ఎక్కడ పడిందని అడిగాడు. మావాడు వీడియో ఉందన్నాడు. "పేరు చెప్పు బాబూ." మావాడు ఒక్కసారి చెప్పాడు. పెద్దాయన తనలో తాను ఒకసారి అనుకుని, కళ్లజోడు పైకి నెట్టుకుని, ఒక్కో అక్షరమే కొట్టి, తెర మా వైపు తిప్పాడు. బెండు బొమ్మ ఉన్న పేజీ అక్కడుంది. ఫోను ఆయన చేతిలోనే ఉంది.